ఎనిమిది అణాలు, ఐదు అణాలు, మూడు అణాలు

నల్లగొండ రామగిరిలో పై పోర్షన్ ఒకటి తీసుకుని మేం ముగ్గురం ఉంటున్నాం. 2023 జూన్‌లో దిగాం. నెల ఖర్చు పంచుకోవడానికి ఇప్పటికి మూడు పద్ధతులు పట్టాం. మొదటి రెండూ ఎందుకు చెడిపోయాయో, మూడోది ఎట్లా కుదిరిందో రాస్తున్నాను. పేర్లు మార్చాను, అంకెలు మాత్రం మా నోటుబుక్కులోవే.

స్వాతక్క బ్యాంకులో పనిచేస్తుంది. అన్ని కోతలూ పోను చేతికి 56,000 వస్తాయి. రమ్య ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్. జీతం 28,800. నేను క్లాక్ టవర్ దగ్గర ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని. అప్పట్లో నాకు 15,500. ఇంటి కిరాయి 9,000. రెండు పడకగదులు. పెద్దదానికి బాత్రూమ్ లోపలే ఉంది, ఏసీ కూడా ఉంది. అందులో అక్క ఉంటుంది. రోడ్డు వైపు చిన్నదాంట్లో నేనూ రమ్యా.

మొదట్లో లెక్క చాలా సులువు. నెలాఖరుకు మొత్తం కూడటం, మూడుతో భాగించడం. ఒక్కొక్కరికి ఆరు వేలకు అటూ ఇటూ పడేది. ముగ్గురం మనుషులమే, ముగ్గురం తింటున్నాం, మూడు వంతులు చేస్తే ఎవరూ ఎవరినీ ఏమీ అనడానికి ఉండదనుకున్నాం. నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. అదే చిక్కు.

నేను ఇంటికి నెలకు 3,500 పంపేదాన్ని. చేతిలో మిగిలేది 12,000. అందులో ఆరు వేలు ఇంటి ఖర్చుకే పోతే, మిగతా ఆరు వేలతోనే ఫోను, బట్టలు, మందులు, ఊరికి పోయినప్పుడు తమ్ముడి చేతిలో పెట్టేదీ అన్నీ వెళ్లదీయాలి. ఆదివారం బిర్యానీ తెప్పిద్దామని అక్క అంటే "నాకు ఆకలిగా లేదక్కా, మీరు తినండి" అనేదాన్ని. పొద్దున గుడ్లు ఉడకబెడితే తినేదాన్ని కాదు. గుడ్డు తినకపోయినా నా వంతు పైసలు తగ్గవని తెలుసు. అయినా మానేశాను. ఖర్చు భయం పట్టుకుంటే మనిషి లెక్క కూడా తప్పు వేసుకుంటాడు.

డిసెంబర్లో ఒకరోజు అక్క పెన్ను కోసం నా నోటుబుక్కు తెరిచి వెనక పేజీ చూసింది. నెల మొదటి తారీఖున 15,500 రాసి, కింద ఒక్కొక్కటీ తీసేస్తూ, ఇరవై మూడో తారీఖుకు 140 దగ్గర ఆపాను. ఆ రాత్రి ఏమీ అనలేదు. రెండు రోజులయ్యాక అన్నం తింటుండగా అంది: "నేను యాభై ఆరు వేలు తెచ్చుకుంటున్న, నువ్వు పదిహేను. ఇద్దరం ఆరారు వేలు ఇచ్చుడేందే? జీతాన్ని బట్టి ఇద్దాం."

ఎంత మంచి మాట! జనవరి నుంచి అట్లాగే చేశాం. ముగ్గురి జీతం కలిపితే లక్షా మూడు వందలు కాబట్టి శాతాలు వేయడం కూడా తేలికే అయింది. వంద రూపాయలకు అక్క 56, రమ్య 29, నేను 15. నెల ఖర్చు 18,400 అయితే అక్క 10,300 ఇచ్చేది, రమ్య 5,340, నేను 2,760. నా భారం ఒక్క నెలలో సగానికి తగ్గిపోయింది. ఆ నెల గుడ్లు తిన్నాను.

రెండో నెల నుంచి ఇంట్లో గాలి మారింది. పనామెను పెట్టుకుందామని అక్క అంది, పెట్టేసింది. మాకు పెట్టుకోవాలని ఉందా లేదా అన్న మాటే రాలేదు. కిరాణా దుకాణంలో మేం తెచ్చే కందిపప్పు బాగాలేదని వేరే రకం తెచ్చింది, కిలోకు ముప్పై రూపాయలు ఎక్కువ. పాలు పావు లీటరు పెంచింది. వీటిలో ఏదీ చెడ్డ పని కాదు. కానీ సగం పైన ఇచ్చేది ఆమె కాబట్టి నేను నోరు తెరవలేకపోయాను. తక్కువ ఇచ్చేవాడికి ఇంట్లో మాట కూడా తక్కువైపోతుంది, ఎవరూ తగ్గించకపోయినా.

ఒకరోజు డాబా మీద బట్టలు తీస్తున్నాను. పిట్టగోడ పక్కన అక్క వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. "ఇల్లంతా నేనే నడుపుతున్ననమ్మా, శని ఆదివారాలు నేనసలు ఉండనే ఉండ" అంది. బట్టలు అక్కడే వదిలేసి కిందికొచ్చేశాను.

ఆ రోజు చాలా కోపమొచ్చింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ కనిపించలేదు. ప్రతి శనివారం సాయంత్రం సూర్యాపేట పోతుంది, సోమవారం పొద్దున బస్సు దిగి నేరుగా బ్యాంకుకు పోతుంది. ఇంట్లో తినేది నెలకు అరవై పూటల్లో ముప్పై ఆరు. సూర్యాపేటలో వాళ్ల నాన్న కట్టించిన ఇంటికి నెలకు 17,000 ఈఎంఐ ఆమే కడుతుంది. తమ్ముడి హాస్టల్‌కు 7,000. యాభై ఆరు వేలు అనే అంకె మేం చూశాం, అందులో ఇరవై నాలుగు వేలు ఆమె చేతిలో నిలవవన్నది చూడలేదు. జీతం వేరు, మిగిలేది వేరు. జీతాన్ని బట్టి పంచడంలో ఉన్న మొదటి లోపం ఇదే. ఇంటి మీద బాధ్యత ఉన్నవాళ్లను అది రెండుసార్లు కొడుతుంది.

ఏప్రిల్లో కరెంటు బిల్లు పదిహేను వందలు దాటింది. అంతకు ముందు నెలలు ఆరు వందల చుట్టూ ఉండేది. అక్క గదిలో ఏసీ. ఆ పదిహేను వందలు కూడా 56, 29, 15 లెక్కనే పంచారు. నేను ఒక్క రాత్రి కూడా పడుకోని ఏసీకి నా వంతు 225 కట్టాను. పోయిన్నెలలో ఆమె తినని అన్నానికి ఆమె కట్టలేదా అని మనసులో సర్దిచెప్పుకున్నాను. కానీ అట్లా సర్దిచెప్పుకోవడం మొదలైందంటే లెక్క పనిచేయట్లేదని అర్థం.

మేలో రమ్య వంతు వచ్చింది. వాళ్ల కాలేజీలో జీతం పది నెలలే. ఏప్రిల్, మే జీతాలుండవు. ప్రైవేటు కాలేజీల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మేమే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జీతాన్ని బట్టి అన్నాం కదా, జీతమే లేని నెల ఆమె సున్నా ఇవ్వాలి. ఆమె ఇవ్వనంటే కదా! గాజులు తాకట్టు పెట్టి తెచ్చి ఇచ్చింది. మాకు ఆ సంగతి చెప్పలేదు. ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే వెనక అర లీటరు పాలప్యాకెట్ ఒకటి రోజూ విడిగా కనపడటం మొదలైంది. రమ్య తన టీకి తాను కొనుక్కుంటోంది, ఉమ్మడి పాలు ముట్టట్లేదు. ఒకే ఇంట్లో ఎవరో విడిగా పాలప్యాకెట్, విడిగా నూనె ప్యాకెట్ తెచ్చుకుని దాచుకుంటున్నారంటే, నోటితో చెప్పలేని మాటేదో ఆ ప్యాకెట్‌తో చెబుతున్నారన్నమాట.

మే ఆఖరు ఆదివారం అక్క ఊరికి పోలేదు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. ముగ్గురం డాబా ఎక్కాం. పాలప్యాకెట్ సంగతి నేనే ఎత్తాను. రమ్య ఏడ్చింది, అక్క బిత్తరపోయింది, ఫోన్లో విన్న మాట నేను కూడా కక్కేశాను. ఆ అరగంట ఇక్కడ రాయను. కరెంటు వచ్చాక కిందికి దిగి నోటుబుక్కు ముందు కూర్చున్నాం. రాత్రి పదకొండున్నర దాకా కూర్చున్నాం.

ముందు రమ్య ఒక మాట అంది. కామర్స్ చెప్పే మనిషి కదా. "అన్ని ఖర్చులూ ఒకే కుండలో పోసి ఒకే గరిటెతో పంచుతున్నం, అందుకే ఎటు పోసినా ఎవరికో ఒకరికి అన్యాయమైతుంది. కుండలు వేరు చేద్దాం" అని. తిండి ఎవరు ఎంత తింటే అంత. ఏసీ ఎవరు వాడితే వాళ్లది. మిగిలిన కిరాయి, పనామె, వైఫై ఎవరు వాడారో కొలవలేం. మనిషి ఊరికి పోయినా కిరాయి పడుతుంది. స్తోమతను బట్టి పంచాల్సింది ఈ ఒక్క కుండనే.

స్తోమత అంటే ఏమిటన్న దగ్గర గంటసేపు పట్టింది. జీతం కాదు, మిగిలేది అని తేల్చాం. కానీ ఏది తీసేశాక మిగిలేది? అక్క ఈఎంఐ, తమ్ముడి ఫీజు తీసేయాలి, సరే. నేను ఇంటికి పంపే 3,500 తీసేయాలి. రమ్య వాళ్లమ్మ మందులు, పాత గోల్డ్ లోన్ వడ్డీ కలిపి 4,000 తీసేయాలి. రమ్య చిట్టీ మాటేమిటి? నెలకు ఐదు వేలు కడుతుంది. "అది కట్టకపోతే చిట్టీ పాట మనిషి ఇంటికొస్తడు, అది కూడా ఖర్చే" అంది రమ్య. "చిట్టీ ఎత్తుకుంటే పైసలు నీకే వస్తయి కదనే, నా ఈఎంఐ నాకు తిరిగిరాదు" అంది అక్క. చివరికి ఒక గీత గీసుకున్నాం. ఈ నెల ఆపేయాలనుకున్నా ఆపలేనిది, ఆ డబ్బు మళ్లీ మన చేతికి తిరిగి రానిదీ అయితేనే తీసేయాలి. చిట్టీ తిరిగొస్తుంది కాబట్టి తీసేయలేదు. అక్క ఈఎంఐ మీద కూడా నాకొక అనుమానం ఉండింది, ఇల్లు రేపు వాళ్లదే కదా అని. ఆ ఇల్లు తమ్ముడి పేరు మీద ఉందని తెలిశాక ఇంక మాట్లాడలేదు.

రమ్య జీతాన్ని పది నెలలకు కాకుండా పన్నెండు నెలలకు పరిచాం. 28,800 చొప్పున పది నెలలంటే 2,88,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 24,000. జీతం వచ్చే నెలల్లో ఆ తేడా 4,800 పక్కన పెట్టుకోవడం ఆమె పని, కానీ ఏప్రిల్ మేలలో కూడా ఆమె వంతు మారదు. ఈ ఒక్క సవరణ జనవరిలోనే చేసి ఉంటే గాజులు తాకట్టుకు పోయేవి కావు.

అప్పుడు అంకెలు ఇట్లా వచ్చాయి. అక్కకు మిగిలేది 32,000. రమ్యకు 20,000. నాకు 12,000. మొత్తం 64,000. శాతాలు వేద్దామని నేను ఫోన్ తీస్తుంటే రమ్య ఆపింది. "నాలుగుతో కొట్టెయ్" అంది. ఎనిమిది, ఐదు, మూడు. కూడితే పదహారు. "రూపాయికి పదహారు అణాలు! మా తాత ఉంటే సంబరపడిపోయేటోడు" అంది. అక్క ఎనిమిది అణాలు, రమ్య ఐదు అణాలు, నేను మూడు అణాలు. ఆ రాత్రి అంత గొడవ తర్వాత మొదటిసారి ముగ్గురం నవ్వింది అప్పుడే. ఆనాటి నుంచీ మా ఇంట్లో శాతం అనే మాట లేదు, అణాలే.

కిరాయికి వచ్చేసరికి ఇంకో పేచీ. పెద్ద గది అక్కకు ఒక్కదానికే, మేం ఇద్దరం చిన్నగదిలో ఇరుక్కున్నాం. దాని విలువ ఎంత? అక్క ఐదు వందలు ఎక్కువ ఇస్తానంది. రమ్య వెంటనే, "అయితే ఐదు వందలు ఎక్కువిచ్చి నేను పెద్ద గదిలో ఉంట, నువ్వు ఈమెతో చిన్నగదిలో ఉంటవా?" అని అడిగింది. అక్క ఉండనంది. వెయ్యి అయితే? రమ్య కాసేపు ఆలోచించి, "వెయ్యికి నాకొద్దు, నేను ఇక్కడే ఉంట" అంది. అంతే, గది విలువ వెయ్యి. అవతలివాళ్లు ఆ ధరకు మారడానికి ఒప్పుకోనప్పుడు, ఉన్నవాళ్లకు ఆ ధర భారం కానప్పుడు అదే సరైన ధర. గది చదరపు అడుగులు కొలిచి చేసే లెక్క కంటే ఇది నాకు నచ్చింది. బాత్రూమ్ లోపల ఉండటం ఎన్ని అడుగులకు సమానమో ఏ టేపుతో కొలుస్తాం?

అక్క గది కోసం ఇచ్చే వెయ్యి తీసేస్తే కిరాయి 8,000. పనామెకు వెయ్యి, వైఫైకి ఆరు వందలు. కలిపితే 9,600. అణాకు ఆరు వందలు. అక్కకు 4,800, రమ్యకు 3,000, నాకు 1,800. గది వెయ్యితో కలిపి అక్కది 5,800.

తిండి లెక్కకు గోడ మీద క్యాలెండర్ చాలింది. తారీఖు గళ్లలో మా పేర్ల మొదటి అక్షరాలు రాస్తాం, పూటకు ఒకటి. రాత్రి ఇంట్లో తినకపోతే సాయంత్రం నాలుగు లోపు గ్రూపులో మెసేజ్ పెట్టాలి. పెట్టకుండా బయట తినొస్తే వండిన అన్నం ఎటూ మిగిలిపోతుంది కాబట్టి ఆ పూట ఆమె ఖాతాలోనే పడుతుంది. చుట్టాలు వస్తే ఎవరి చుట్టాలు వాళ్ల ఖాతా. అక్క వాళ్లమ్మ డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి పది రోజులున్నప్పుడు అక్కే క్యాలెండర్‌లో "స్వా" పక్కన "అ" రాసుకుంది.

ఆ జూన్ నెల మా తిండి ఖర్చు బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు, గ్యాస్, తాగేనీళ్ల క్యాన్లతో కలిపి 7,200 అయింది. (ఫ్లోరైడ్ పేరు విని పెరిగిన జిల్లా మాది. క్యాన్ నీళ్ల దగ్గర ఎవరూ పొదుపు మాట ఎత్తరు.) పూటలు నావి 52, రమ్యవి 56, అక్కవి 36, మొత్తం 144. పూటకు సరిగ్గా యాభై రూపాయలు. నా వంతు 2,600, రమ్యది 2,800, అక్కది 1,800. ఇక్కడ అణాలు లేవు, ఉండకూడదని నేనే పట్టుబట్టాను. నేను తిన్న అన్నానికి ఇంకొకరు డబ్బులు కడుతుంటే ముద్ద దిగదు. నెయ్యి, పండ్లు, బిర్యానీ వంటివి ఎవరు కోరుకుంటే వాళ్లు తెస్తారు, పెడితే తింటాం, లెక్కలో రాయం.

బియ్యం దగ్గర నా వైపు నుంచి ఒక మెలిక ఉంది. మాది హాలియా దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద పొలం. నాన్న గిర్నిలో పట్టించిన సన్నబియ్యం ఇరవై ఐదు కిలోల బస్తా నెలకొకటి నేను తెస్తాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆ ప్రయాణానికి జీరో టికెట్టే. మొదటి ఏడాది ఆ బస్తా ఊరికే ఇచ్చేదాన్ని, లెక్కలో రాసేదాన్నే కాదు. ఇంటి బియ్యానికి పైసలు అడగడమేమిటని సిగ్గు. డాబా రాత్రి రమ్యే అడిగింది, "మరి ఆ బస్తా?" అని. బజారులో అదే రకం పాతబియ్యం బస్తా 1,500 ఉంది. మావి కొత్తబియ్యం, అన్నం మెత్తబడుతుంది, గంజి ఎక్కువ. దుకాణంలో కొత్తబియ్యం 1,300. ఆ ధరే రాసుకున్నాం. తిండి ఖర్చు 7,200లో ఆ 1,300 ఉంటుంది, నేను ఇవ్వాల్సిన దాంట్లోంచి 1,300 తగ్గుతుంది. ఐదు నెలల పాటు నేను తక్కువ ఇస్తున్నానని కుంచించుకుపోయిన మనిషిని, నెలకు పదమూడు వందల బియ్యం ఎత్తుకొచ్చి పడేస్తున్నానన్నది ఆ రాత్రి దాకా నాకే తట్టలేదు.

కరెంటు బిల్లులో ఏసీ లేని భాగం ముగ్గురం సమానంగా పంచుకుంటాం, రెండు వందల చొప్పున. అంతా కలిపితే జూన్‌లో నాది 1,800, 2,600, 200, మొత్తం 4,600. బియ్యం తీసేస్తే చేతి నుంచి ఇచ్చింది 3,300. రమ్య 6,000. అక్క 7,800. జీతం లెక్కలో నేను ఇచ్చిన 2,760 కంటే ఇది ఎక్కువే. అయినా ఆ నెల నుంచి పాలు పెంచాలా వద్దా అన్న చర్చలో నేను నోరు తెరిచి వద్దన్నాను. పాలు పెరగలేదు. ఉమ్మడి డబ్బుతో ఐదు వందలు దాటి ఏది కొనాలన్నా ముగ్గురూ సరేననాలి, అణాలు ఇచ్చేటప్పుడే కానీ మాట చెప్పేటప్పుడు కాదు అని కూడా అప్పుడే రాసుకున్నాం.

ఏసీ లెక్క మాత్రం తర్వాతి వేసవి దాకా తేలలేదు. ఓనర్ ఆంటీని అడిగి ఏసీ లైనుకు ఒక సబ్ మీటర్ పెట్టించాం, దాని ఖర్చు అక్కే పెట్టుకుంది. 2025 ఏప్రిల్లో మా మీటర్ 262 యూనిట్లు తిరిగింది. సబ్ మీటర్లో 118. అంటే ఏసీ కాక 144.

యూనిట్ల నిష్పత్తిన పంచుకుందామని అక్క అంది. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. బిల్లు కాయితం చూశాక రమ్య ఒప్పుకోలేదు. మన దగ్గర ఇళ్ల కరెంటుకు శ్లాబులుంటాయి. నెలకు వంద దాటి రెండు వందల యూనిట్ల లోపయితే మొదటి వందకు 3.40 చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున. రెండు వందలు దాటితే పైన దాటిన యూనిట్లకే కాదు, ముందున్న రెండు వందలకూ రేటు మారిపోతుంది, మొత్తం 5.10 చొప్పున పడుతుంది. ఆ పైన మూడు వందల దాకా 7.70. ఏసీ లేకుండా మా 144 యూనిట్లకు 551 రూపాయలు వచ్చేది. ఏసీతో 1,497 వచ్చింది. ఇవి యూనిట్ల చార్జీలే, మిగతా చిల్లర చార్జీలు వేరే. యూనిట్ల నిష్పత్తిన అయితే అక్క వంతు 674 అవుతుంది. కానీ ఏసీ వల్ల పెరిగింది 946. ఆ మధ్య తేడా 272 రూపాయలు మా ఫ్యానూ ఫ్రిజ్జూ వేరే శ్లాబులోకి ఈడ్చుకుపోబడినందుకు. "నా ఫ్యాను నిన్న ఎంత తిరిగిందో ఇయ్యాల కూడా అంతే తిరిగింది, దాని రేటు ఎందుకు పెరగాలె?" అని రమ్య అడిగితే అక్క దగ్గర జవాబు లేదు. గృహజ్యోతి ఉచిత కరెంటు మాకు లేదు. మా ముగ్గురి పేర్లూ ఊళ్లలో ఇంటి రేషన్ కార్డుల్లోనే ఉన్నాయి, అక్కడి మీటర్లకే అది పోతుంది.

సరే, 946 అక్కే కట్టాలా? ఇక్కడ నేనే అడ్డుపడ్డాను. ఆ నెలాఖరున ఎండలకు తట్టుకోలేక తొమ్మిది రాత్రులు నేనూ రమ్యా చాపలు పట్టుకుని అక్క గదిలోకి చేరాం. ఏసీ నడిచింది మొత్తం ఇరవై నాలుగు రాత్రులు. రాత్రికి దాదాపు నలభై రూపాయలు. పదిహేను రాత్రులు అక్క ఒక్కతే, తొమ్మిది రాత్రులు ముగ్గురం. ఆ లెక్కన నాకూ రమ్యకూ తలా 118, అక్కకు 709 వచ్చింది. అక్క ఒక రూపాయి కలిపి 710 ఇచ్చింది. మాకు విడిగా మీటర్ ఉంది కాబట్టి ఇదంతా చేయగలిగాం. ఓనర్లు యూనిట్‌కు ఇంత అని ఒకే రేటు వసూలు చేసే ఇళ్లలో శ్లాబు గొడవ ఉండదు, యూనిట్ల లెక్క చాలు.

ఈ పద్ధతి అందరికీ కుదురుతుందని అనను. ముగ్గురం జీతం మెసేజ్‌లు ఫోన్లో తెరిచి చూపించుకున్నాం. ఇంటి అప్పులు చెప్పుకున్నాం. ఆ ధైర్యం లేనిచోట అణాలు కట్టలేం, గది విలువా పూటల లెక్కా వరకే ఆగాలి. ఇంకోటి, క్యాలెండర్ రాయడం విసుగు. రెండు నెలలు రమ్య మరిచిపోయింది, అప్పుడు అందాజాగా వేసుకున్నాం. నాలుగైదు పూటల తేడాకు ఎవరూ కొట్లాడలేదు. కొట్లాడుకునే పరిస్థితి వస్తే మళ్లీ డాబా ఎక్కాలేమో.

అణాలు ఏడాదికొకసారి, జూన్‌లో మారుస్తాం. మధ్యలో ఎవరి ఉద్యోగమైనా పోతే తప్ప ముట్టుకోం. ఈసారి నా జీతం 19,000 అయింది, మిగిలేది 15,500. అక్క తమ్ముడి చదువు అయిపోయింది, ఏడు వేలు మిగిలి ఆమెది 39,000. రమ్యది అదే 20,000. నాలుగుతో కొట్టేస్తే ఈసారి సరిగ్గా తెగలేదు. రమ్య ఫోన్లో భాగించి చూసి పావులకు సర్దింది. అక్క ఎనిమిదిన్నర, తను నాలుగుంబావు, నేను మూడుంబావు.

"పావు అణా పెరిగినవ్, పార్టీ ఎప్పుడు?" అని అక్క అడిగింది. ఆదివారం అన్నాను. శనివారం నాన్న ఫోన్ చేసి, ఈసారి బస్తాలో పాతబియ్యం పోశాను, పోయినేడాదివి, అన్నాడు. నోటుబుక్కులో 1,300 కొట్టేసి 1,500 రాసి, పక్కన అక్కతో సంతకం పెట్టించాను.